క్రేన్ హుక్కు లోపలి అంచే ముందు ఎందుకు లొంగుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో డిప్లొమా, బీటెక్ పిల్లలకు మెషిన్ డిజైన్ చెబుతుంటాను. అంతకు ముందు కొన్నేళ్లు కరీంనగర్ దగ్గర ఒక గ్రానైట్ యార్డులో క్రేన్ల మెయింటెనెన్స్ చూశాను. క్లాసులో పిల్లలు, యార్డులో ఆపరేటర్లు వేర్వేరు మాటల్లో అడిగినా, తిరిగి తిరిగి అడిగింది ఈ ప్రశ్నలే. అన్నిటికీ ఒకే హుక్కును లెక్కగా పెట్టుకున్నాను. ఎత్తే బరువు 5 టన్నులు, అంటే సుమారు 50 కిలోన్యూటన్లు. 1.8 మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తున్న గ్రానైట్ దిమ్మె దాదాపు అంతే తూగుతుంది.

హుక్కులో ఏ చోటు గురించి మాట్లాడుతున్నాం?

హుక్కు వంపుకు ఒక కేంద్రం ఉంటుంది. బరువు లాగే గీత, అంటే షాంకు మధ్య నుంచి నిట్టనిలువుగా కిందికి దిగే గీత, ఆ కేంద్రం గుండా పోతుంది. కేంద్రం నుంచి అడ్డంగా, హుక్కు వీపు వైపు కోస్తే కనిపించే ముక్కే మన సెక్షన్. బరువు గీతకు అన్నిటికన్నా దూరంగా ఉన్నది అదే కాబట్టి బెండింగ్ మూమెంట్ అక్కడే ఎక్కువ.

చాలామంది స్లింగు కూర్చునే అడుగు భాగమే అసలు ప్రమాదం అనుకుంటారు, ఎందుకంటే అరుగుదల కంటికి కనిపించేది అక్కడే. అడుగును కూడా విడిగా చూడాల్సిందే. కానీ బరువు గీత ఆ సెక్షన్ గుండానే పోతుంది కాబట్టి, హుక్కును తెరవాలని చూసే బెండింగ్ అక్కడ కాదు, పక్కన ఉంటుంది. అరిగేది ఒక చోట, సాగేది ఇంకో చోట.

మామూలు బెండింగ్ ఫార్ములా M/I = σ/y ఇక్కడ ఎందుకు పనిచేయదు?

ఆ ఫార్ములా నిటారు బీముది. నిటారు బీములో పైపోగు, కింది పోగు, మధ్య పోగు అన్నీ మొదట్లో ఒకే పొడవు. కాబట్టి వంచినప్పుడు ఏ పోగు ఎంత సాగిందో చూస్తే చాలు, స్ట్రెయిన్ తెలిసిపోతుంది.

వంపు బీములో ఆ సౌకర్యం లేదు. మన హుక్కు లోపలి అంచు కేంద్రం నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, బయటి అంచు 130 దూరంలో ఉంది. ఆ వంపులోంచి పది డిగ్రీల ముక్కను తీసుకోండి. లోపలి అంచు మీద పోగు పొడవు 8.7 మిల్లీమీటర్లు, బయటి అంచు మీద 22.7. ఇప్పుడు రెండిటినీ చెరో 0.01 మిల్లీమీటరు లాగారనుకోండి. పొట్టి పోగుకు అది పెద్ద భారం, పొడుగు పోగుకు దాదాపు లెక్కలోకి రానంత. ఒకే సాగుదలకు లోపలి పోగు స్ట్రెయిన్ రెండున్నర రెట్లు పైనే.

క్లాసులో దీన్ని చూపించడానికి నేను మందపాటి స్పాంజి ముక్కను ఆర్చిలా కోసి, దాని పక్క మీద స్కెచ్ పెన్నుతో కేంద్రం వైపు గీతలు గీస్తాను. రెండు చివరలు పట్టుకుని తెరిస్తే గీతలు నిటారుగానే ఉంటాయి, వంకర పోవు. కానీ లోపలి అంచున గీతల మధ్య ఎడం ఎంత పెరిగిందో వెనక బెంచీ పిల్లలకు కూడా కనిపిస్తుంది. బయటి అంచున ఎడం తగ్గడం పట్టుకోవాలంటే స్కేలు పెట్టి చూడాలి.

మరి న్యూట్రల్ యాక్సిస్ ఎందుకు జరుగుతుంది? ఎటు?

లోపలి వైపుకు, అంటే వంపు కేంద్రం దిక్కుకు జరుగుతుంది. కారణం తూకం లెక్క. కేవలం బెండింగ్ వల్ల సెక్షన్ మీద వచ్చే లాగుడు మొత్తం, నొక్కుడు మొత్తం సమానంగా ఉండాలి. న్యూట్రల్ యాక్సిస్‌ను సెంట్రాయిడ్ దగ్గరే ఉంచితే, లోపలి పొట్టి పోగులు తక్కువ సాగుదలకే ఎక్కువ స్ట్రెస్ తీసుకుని లాగుడు వైపు తక్కెడను దించేస్తాయి. సమానం కావాలంటే లాగుడు పోగుల వాటా తగ్గాలి, నొక్కుడు పోగుల వాటా పెరగాలి. యాక్సిస్ లోపలికి జరిగితేనే అది కుదురుతుంది.

జర్మన్ ఇంజనీరు విన్క్లర్ 1858లో ఈ లెక్కను ప్రకటించాడు. తర్వాత బాఖ్ దాన్ని విస్తరించాడు కాబట్టి మన సిలబస్‌లో అది విన్క్లర్-బాఖ్ సిద్ధాంతం. దాని సారం రెండు గీతల్లో:

```
rn = A / ∫(dA/r)
σ  = M·y / (A·e·r),   e = R − rn
```

ఇక్కడ `R` సెంట్రాయిడ్ దాకా దూరం, `rn` న్యూట్రల్ యాక్సిస్ దాకా, `r` మనం స్ట్రెస్ చూస్తున్న పోగు దాకా. మూడూ కొలిచేది వంపు కేంద్రం నుంచే. `y` మాత్రం న్యూట్రల్ యాక్సిస్ నుంచి ఆ పోగు దాకా దూరం. కింద `r` ఉండడం వల్లే స్ట్రెస్ పటం సరళరేఖ కాకుండా లోపలి అంచు దగ్గర నిక్కబొడుచుకుంటుంది.

ఒక హుక్కుకు మొత్తం లెక్క చేసి చూపిస్తారా?

సెక్షన్ ట్రెపిజియం తీసుకుందాం. లోపలి వెడల్పు 60, బయటి వెడల్పు 30, లోతు 80, అన్నీ మిల్లీమీటర్లలో. అసలు హుక్కుకు మూలలు గుండ్రంగా ఉంటాయి, వాటిని ఇక్కడ వదిలేస్తున్నాను.

విస్తీర్ణం 3600 చదరపు మిల్లీమీటర్లు. సెంట్రాయిడ్ లోపలి అంచు నుంచి 35.56 దూరంలో పడుతుంది, దానికి 50 కలిపితే `R` వస్తుంది. ట్రెపిజియానికి ఇంటెగ్రల్ విలువ డిజైన్ డేటా బుక్కులో రెడీగా దొరుకుతుంది:

```
∫dA/r = [(bi·ro − bo·ri)/h]·ln(ro/ri) − (bi − bo)
      = 78.75 × ln(130/50) − 30 = 45.247
rn = 3600/45.247 = 79.56 mm
R  = 85.56 mm
e  = 5.99 mm
```

అంటే 80 లోతున్న సెక్షన్‌లో యాక్సిస్ జరిగింది ఆరు మిల్లీమీటర్లే. ఇంత చిన్న జరుగుడికి ఇంత రాద్ధాంతం ఎందుకని పిల్లలు అడిగేది సరిగ్గా ఇక్కడే. కాస్త ఆగండి.

మూమెంట్ అంటే 50,000 న్యూటన్లను 85.56తో గుణించడం, దాదాపు 42.78 లక్షల న్యూటన్-మిల్లీమీటర్లు. లోపలి అంచున `y` 29.56, బయటి అంచున 50.44. విలువలు వేస్తే బెండింగ్ స్ట్రెస్ లోపల 117 లాగుడు, బయట 77 నొక్కుడు వస్తాయి (యూనిట్లు N/mm²). దీనికి తోడు బరువు సెక్షన్‌ను నేరుగా కూడా లాగుతోంది. 50,000ను 3600తో భాగిస్తే 13.9 లాగుడు, అంతటా సమానంగా. కలిపితే లోపలి అంచున 131 లాగుడు, బయటి అంచున 63 నొక్కుడు.

నిటారు బీము ఫార్ములాతో చేస్తే ఎంత తేడా వచ్చేది?

ఇదే సెక్షన్‌కు `I` సుమారు 18.49 లక్షలు (mm⁴). నిటారు ఫార్ములాలో వేస్తే బెండింగ్ స్ట్రెస్ లోపల 82, బయట 103 వస్తాయి. డైరెక్ట్ స్ట్రెస్ కలిపాక లోపల 96 లాగుడు, బయట 89 నొక్కుడు.

లోపలి అంచున నిజం 131 అయితే అది 96 అంటోంది. ముప్పై ఐదు తక్కువ చూపడం ఒక తప్పు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. బెండింగ్ వరకు చూస్తే నిటారు ఫార్ములా వేలు చూపేది బయటి అంచు వైపు, ఎక్కువ భారం దానిదే అంటుంది. సెంట్రాయిడ్‌కు దూరంగా ఉన్నది బయటి అంచే కదా, ఆ ఫార్ములాకు తెలిసింది అంతే. దాన్ని నమ్మి డిజైన్ చేసినవాడు బలపరచాల్సిన వైపు వదిలేసి, అక్కరలేని వైపు ఇనుము పోస్తాడు. నా మటుకు నాకు, ఈ చాప్టర్ చదవడానికి ఈ ఒక్క కారణం చాలు.

సెక్షన్ లోపల లావుగా, బయట సన్నగా ఎందుకు?

పై జవాబుకు ఇది కొనసాగింపే. అదే 3600 విస్తీర్ణాన్ని, అదే 80 లోతును 45 వెడల్పున్న దీర్ఘచతురస్రంగా పెడితే సెంట్రాయిడ్ 90కి జరుగుతుంది, మూమెంట్ పెరుగుతుంది. లోపలి అంచు మొత్తం స్ట్రెస్ 148 అవుతుంది, బయటిది 57. ఇనుము ఖర్చు అంతే, లోపలి అంచు మీద భారం మాత్రం 131 నుంచి 148కి ఎక్కింది. లోపల లావు చేసినప్పుడు భారం ఎక్కువున్న చోట పోగులు ఎక్కువ నిలబడతాయి, బయట సన్నబడ్డ అంచు 63 నొక్కుడును సులువుగా మోస్తుంది. హుక్కు తిరగేసి పట్టుకుంటే వీపు సన్నగా కనిపించేది అందుకే. అది సోకు కాదు.

పరీక్షలో స్టెప్పులన్నీ కరెక్టే, అయినా జవాబు పది శాతం తేడా వస్తోంది. ఎందుకు?

`e` వల్ల. అది రెండు పెద్ద అంకెల మధ్య మిగిలే చిన్న తేడా. ఇందాక చిన్నది కదా అని వదిలేసిన ఆరు మిల్లీమీటర్లు ఫార్ములాలో కింద కూర్చుంది. ఎవరైనా `rn` విలువను 79.56 బదులు 80 అని గుండ్రం చేస్తే, చూడ్డానికి అర మిల్లీమీటరు కూడా కాదు. కానీ `e` 5.99 నుంచి 5.56కి పడిపోయి, లోపలి బెండింగ్ స్ట్రెస్ 117 కాస్తా 128 అవుతుంది.

లాగరిథమ్‌తో ఇంకా ప్రమాదం. `ln 2.6` విలువ 0.9555. దాన్ని 0.96 అని రాస్తే స్ట్రెస్ 104కి దిగుతుంది, అంటే హుక్కు ఉన్నదానికన్నా భద్రంగా కనిపిస్తుంది. కాలిక్యులేటర్‌లో వచ్చిన విలువను మధ్యలో కాగితం మీదికి దించకుండా చివరి దాకా అలాగే నడపండి. దించక తప్పకపోతే లాగరిథమ్‌ను కనీసం ఐదు దశాంశ స్థానాలతో రాయండి.

ఇంకో తప్పు కూడా పేపర్లలో తరచూ చూస్తాను. యాక్సిస్ జరిగింది కదా అని మూమెంట్‌ను కూడా `rn` దూరంతో లెక్కిస్తారు. అలా చేయకూడదు. బరువును సెంట్రాయిడ్ దగ్గరికి మార్చినప్పుడు వచ్చేదే ఆ మూమెంట్, దానికి జోడుగా `P/A` వస్తుంది. కాబట్టి చేయి పొడవు `R`. ఇక్కడ `rn` వేస్తే మూమెంట్ ఏడు శాతం తగ్గుతుంది.

ఎంత వంపు ఉంటే ఈ లెక్క తప్పనిసరి?

చూడాల్సింది `R/h` నిష్పత్తి. మన హుక్కులో అది 1.07, అందుకే బెండింగ్‌లో అంత తేడా. దీర్ఘచతురస్ర సెక్షన్‌కు అది 5 ఉంటే నిటారు ఫార్ములా లోపలి అంచున ఏడు శాతం మాత్రమే తక్కువ చూపుతుంది, 10 దాటితే మరచిపోవచ్చు. మరీ బిగుతు వంపుల్లో ఈ సిద్ధాంతానికీ హద్దులున్నాయి. పోగులు ఒకదాన్నొకటి అడ్డంగా లాగే రేడియల్ స్ట్రెస్‌ను ఇది పక్కన పెడుతుంది, స్లింగు ఆనిన చోట పుట్టే స్థానిక నొక్కుడును అసలు పట్టించుకోదు.

5 టన్నుల హుక్కుకు 5 టన్నులే వేశాం. మరి ఎందుకు తెరుచుకుంది?

ఇది యార్డు ప్రశ్న. ఉక్కు 300 N/mm² దగ్గర లొంగుతుందనుకుందాం. మన లెక్కలో 5 టన్నులకు 131. ఆ లెక్కన లోపలి అంచు లొంగడానికి 11 టన్నుల పైన కావాలి. 5 టన్నులకు తెరుచుకునే ప్రసక్తే ఉండకూడదు.

కానీ ఆ 131 అన్నది స్లింగు సరిగ్గా హుక్కు గిన్నెలో, కేంద్రం కింద కూర్చుంటేనే. స్లింగు ముక్కు వైపు 40 మిల్లీమీటర్లు జారిందనుకోండి. చేయి పొడవు 85.56 నుంచి 125.56కి పెరిగి, లోపలి అంచు స్ట్రెస్ 186 అవుతుంది. బరువు మారలేదు, స్లింగు కూర్చున్న చోటు మారింది, అంతే.

దీనికి జెర్కు తోడైతే? ఆగి ఉన్న హుక్కు మీద బరువు ఒక్కసారిగా పడితే, కాస్త కూడా ఎత్తు నుంచి జారకపోయినా, స్ట్రెస్ రెట్టింపు దాకా పోతుంది. 186కు రెట్టింపు 372. అది 300 దాటిపోయింది. నేను ఉన్న యార్డులో జరిగింది దాదాపు ఇదే. వానాకాలం, దిమ్మె బురదలో కూరుకుని ఉంది. స్లింగు ముక్కు దగ్గరే ఉండగా ఆపరేటర్ ఎత్తాడు, దిమ్మె కదల్లేదు, మళ్లీ వదిలి గట్టిగా లాగాడు. "బరువు గంతే ఉంది సార్, హుక్కే ఖరాబుది" అన్నాడు తర్వాత. హుక్కు ఖరాబుది కాదు. బురద పట్టు ఎంతో క్రేనుకు తెలియదు, హుక్కు మీద పడింది దిమ్మె బరువొక్కటే కాదు. తప్పు అతనిదొక్కడిదీ కాదు. స్లింగు జారకుండా చూడాల్సిన లాచి విరిగి నెలలైనా నేను మార్పించలేదు.

తెరుచుకుందని కంటికి తెలియకముందే పట్టుకోవడం ఎలా?

కొత్త హుక్కు వచ్చిన రోజే నోటికి అటూ ఇటూ, అరిగే అవకాశం లేని చోట, రెండు సన్నని పంచ్ గుర్తులు ఉండాలి. కొన్ని హుక్కులకు తయారీలోనే వేసి వస్తాయి. లేకపోతే తయారీదారు చెప్పిన చోటే వేయించాలి, ఎక్కడ పడితే అక్కడ పంచ్ కొట్టి లోపలి అంచు మీద గాటు పెట్టకూడదు. డివైడర్‌తో ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలిచి రిజిస్టర్లో రాయాలి. నోటి వెడల్పును అంచుల మీద కొలిస్తే, అరుగుదలా సాగుదలా కలిసిపోయి ఏది ఎంతో తేలదు.

మా హుక్కు గుర్తుల మధ్య మొదట 120 మిల్లీమీటర్లు. ఆ బురద దిమ్మె తర్వాత కొలిస్తే 127 వచ్చింది. దాదాపు ఆరు శాతం. కంటితో చూస్తే ఎవరికీ తేడా తెలియలేదు. అమెరికా ప్రమాణం ఏఎస్ఎంఈ బి30.10 ప్రకారం నోరు 5 శాతం తెరుచుకుంటే, లేదా ఆ తెరుచుకోవడం సుమారు 6 మిల్లీమీటర్లు దాటితే, హుక్కును పక్కన పెట్టాలి. 15 శాతం దాకా వాడుకోవచ్చని పాత లెక్క చెప్పేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. నేను ఒప్పుకోను. హుక్కు నోరు శాశ్వతంగా తెరుచుకుందంటే లోపలి అంచు ఏదో ఒక రోజు లొంగుడు హద్దు దాటిందనే. అది ఎన్నిసార్లు దాటిందో రిజిస్టర్ చెప్పదు.

పగుళ్లు వెతికేది కూడా లోపలి అంచు మీదే మొదలుపెట్టాలి. గ్రీజు, పెయింటు శుభ్రంగా తుడిచి డై పెనెట్రెంట్ వేస్తే, వంపుకు అడ్డంగా సన్నటి ఎర్రగీతలా బయటపడుతుంది. షాంకు మరల దగ్గర కూడా చూడండి, అది వేరే కథ.

తెరుచుకున్న హుక్కును వేడిచేసి కొట్టి దగ్గరికి చేర్చవచ్చా? వెల్డింగ్ వేస్తే?

రెండూ వద్దు. హుక్కును ఫోర్జ్ చేశాక హీట్ ట్రీట్‌మెంట్ ఇచ్చి బలం తెస్తారు. గ్యాస్ కటింగ్ సెట్టుతో ఎర్రగా కాల్చిన నిమిషంలో ఆ బలం ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. చల్లగానే కొట్టి మూస్తే, ఒకసారి లాగుడులో లొంగిన లోపలి పోగులను ఇప్పుడు నొక్కుడులో లొంగదీస్తున్నట్టు. సాగే గుణం రెండు దఫాలా ఖర్చవుతుంది. పైగా కొట్టి వదిలాక లోపలి అంచున లాగుడు స్ట్రెస్ మిగిలిపోతుంది, రేపటి 131 దాని మీద కూర్చుంటుంది. వెల్డింగ్ అయితే అన్నిటికన్నా ఎక్కువ లాగుడున్న చోట గట్టిపడి పెళుసెక్కిన పట్టీని మన చేత్తో మనమే పెట్టడం.

మా 127 మిల్లీమీటర్ల హుక్కును పాత సామాను కింద అమ్మేద్దామన్నారు. అలా అమ్మితే ఇంకో యార్డులో ఇంకో చైన్ బ్లాకుకు వేలాడుతుందని తెలుసు కాబట్టి, వాచ్‌మన్ ముందే గ్యాస్‌తో వంపు దగ్గర రెండు ముక్కలు కోయించి, ఆ ముక్కల్నే తక్కెడ మీద వేయించాను. కొత్త హుక్కుతో పాటు కొత్త లాచి కూడా వచ్చింది.